నడిచిన దారి, సాగిన దారి

పద్మారావు నగర్‌లో పాత మేడల మీద ఇప్పటికీ అక్కడక్కడా ఒక అల్యూమినియం అస్థిపంజరం కనిపిస్తుంది. దూరదర్శన్ కాలం నాటి యాంటెనా. కేబుల్ వచ్చాక దాన్ని దింపే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇప్పుడది బట్టలారేసుకునే తాడుకి ఒక కొసగా పనికొస్తోంది. గాలివాన వచ్చిన మర్నాడు ఒకరు మేడెక్కి దాన్ని తిప్పడం, ఇంకొకరు కిటికీలోంచి మెడ బయటపెట్టి "ఇంకొంచెం ఇటు... ఆఁ ఆఁ, అక్కడే ఉంచు" అని అరవడం 1980లలో పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. బొమ్మ దొరికేదాకా తెర మీద తెల్లచుక్కలు కుతకుత ఉడుకుతుండేవి, సెట్లోంచి బుస్సుమని చప్పుడు వచ్చేది.

ఆ చుక్కల్లో ఎక్కువ భాగం మోటార్లది, మెరుపులది, సెట్టు లోపలి సర్క్యూట్లది, మన పాలపుంతది. కానీ ఒక చిన్న వాటా, మహా అయితే నూటికి ఒక వంతు, వీటిలో దేనిదీ కాదు. అది విశ్వంలో మనకి అందగల అత్యంత పాత వెలుగు. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ళ వయసున్నప్పుడు బయల్దేరి, దారిలో దేనికీ తగలకుండా వచ్చి, చివరికి ఈ మేడ మీద అల్యూమినియం గొట్టంలో ఆగిపోయింది.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. యూరోపియన్ అంతరిక్ష సంస్థ 2009లో పంపిన ప్లాంక్ ఉపగ్రహం ఈ పాత వెలుగునే కొలిచి తేల్చిన అంకె ఇది. వెలుగు ఏడాదికి ఒక కాంతి సంవత్సరం నడుస్తుంది. అలాంటప్పుడు ఆ వెలుగు బయల్దేరిన చోటు ఎంత దూరంలో ఉండాలి? ఎనిమిదో తరగతి పిల్లవాడైనా 1,380 కోట్ల కాంతి సంవత్సరాలనే అంటాడు. పుస్తకాల్లో చూస్తే మాత్రం మనకి కనబడగల విశ్వం అన్ని వైపులా సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల మేర ఉందని, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి 9,200 కోట్లకి పైనే అని ఉంటుంది. మూడింతలకి మించిన తేడా. అచ్చుతప్పు కాదు. వెలుగు తన వేగాన్ని మించిందీ లేదు.

చిక్కంతా ఆ పిల్లవాడి లెక్కలో బయటికి చెప్పకుండా దాగి ఉన్న ఒక ఊహలో ఉంది. వెలుగు నడుస్తున్నంతసేపూ దారి పొడవు మారకుండా ఉంటుందన్న ఊహ అది.

ఊరి చుట్టుపక్కల ఆ ఊహకి ఢోకా లేదు. పద్మారావు నగర్‌కి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టించింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టీ రాద్దామని ప్రపంచంలోని కొన్ని వేధశాలలు వాటాలు పంచుకున్నప్పుడు నిజామియా కూడా తన వంతు ఆకాశం తీసుకుని, గాజు పలకల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ నక్షత్రాలన్నీ పాలపుంతలోవే. వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం వెలుగు వెయ్యేళ్ళు నడిచి వస్తుంది. దూరం, కాలం ఒకే అంకె. ఆండ్రోమెడా గెలాక్సీ దాకా వెళ్ళినా అంతే, 25 లక్షల కాంతి సంవత్సరాలకి 25 లక్షల ఏళ్ళు. ఖగోళశాస్త్రం చాలాకాలం ఈ సౌకర్యంలోనే బతికింది కాబట్టి కాంతి సంవత్సరం అనగానే దూరాన్నీ కాలాన్నీ ఒకే మాటగా వాడే అలవాటు మనకి పట్టేసింది.

గెలాక్సీలు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతున్నాయనీ, ఎంత దూరాన ఉన్నది అంత వేగంగా జరుగుతోందనీ 1920ల చివర్లో లెమెత్ర్, హబుల్‌ల పనితో తేలాక ఆ సౌకర్యం పోయింది. జరగడం అంటే అవి ఖాళీలో పరిగెత్తుతున్నాయని కాదు, వాటి మధ్యనున్న జాగాయే సాగుతోందని. ఈ "సాగడం" అన్న ఒక్క మాటని గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా కూడికలు, గుణకారాలతో వచ్చేస్తుంది.

జనరల్ బజార్‌లో కుట్టుసామాను కొట్లకి వెళితే లంగా నాడాకి బదులు వేసే ఎలాస్టిక్ గజాల్లెక్కన దొరుకుతుంది. ఒక ముక్క తెచ్చి బల్ల మీద పరిచి, ఒకచోట పెన్నుతో చుక్క పెట్టాలి. చుక్కకి 3 సెంటీమీటర్ల దూరంలో ఇల్లు అని ఇంకో గుర్తు. చుక్క దగ్గర ఒక చీమ ఉందనుకుందాం. అది ఇంటి వైపు నిమిషానికి కచ్చితంగా 1 సెంటీమీటరు నడుస్తుంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మొదటి నిమిషంలో 1 సెంటీమీటరు నడిచింది. ముందు 2 మిగిలాయి. ఇప్పుడు ఎలాస్టిక్‌ని రెండింతలు సాగదీద్దాం. చీమ వెనక ఉన్న 1 కాస్తా 2 అయింది, ముందున్న 2 కాస్తా 4 అయింది. పాపం, బయల్దేరినప్పుడు 3 సెంటీమీటర్లే ఉన్న ఇల్లు, నిమిషం నడిచాక 4 సెంటీమీటర్ల దూరానికి పోయింది. రెండో నిమిషం నడిచింది: ముందు 3, వెనక 3. మళ్ళీ సాగదీద్దాం, ఈసారి అంత గట్టిగా కాదు, మొత్తం 6 సెంటీమీటర్లు 8 అయ్యేలా. ముందు 4, వెనక 4. ఇక సాగదీయడం మానేద్దాం. చీమ మిగిలిన 4 సెంటీమీటర్లూ నాలుగు నిమిషాల్లో నడిచి ఇల్లు చేరుతుంది.

మొత్తం ఆరు నిమిషాలు, 6 సెంటీమీటర్ల నడక. కానీ వెనక్కి తిరిగి స్కేలు పెట్టి కొలిస్తే బయల్దేరిన చుక్క 8 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బయల్దేరిన రోజున అది 3 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. 3, 6, 8 అనే మూడు అంకెలూ నిజమే, మూడూ ఒకే ప్రయాణానివే. "దూరం ఎంత?" అని అడిగితే ఏ అంకె చెప్పాలన్నది అడిగేవాడు ఏ నాటి దూరం అడుగుతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంకొక్క సంగతి గమనించాలి. మొదటి నిమిషంలో నడిచిన ఒక్క సెంటీమీటరు రెండుసార్లు సాగి, చివరికి 2.7 సెంటీమీటర్లు అయింది. రెండో నిమిషం నాటిది ఒకేసారి సాగి 1.3 అయింది. చివరి నాలుగూ అసలు సాగలేదు. ముందు నడిచిన దారి ఎక్కువ సాగుతుంది, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన సాగుడంతా దాని మీద పడుతుంది. మూడింతల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఇప్పుడు చీమని వదిలి యాంటెనాలో ఆగిన ఆ వెలుగు దగ్గరికి రావచ్చు. దాని జాతకం మొత్తం చెప్పగలిగినంత వివరంగా తెలుసు.

విశ్వం తొలి 3.8 లక్షల ఏళ్ళూ ఒక వేడి పొగమంచు. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు విడివిడిగా తిరుగుతుంటే వెలుగు నాలుగడుగులు వేసేలోపే ఏదో ఎలక్ట్రాన్‌కి తగిలి దారి తప్పేది. వేడి సుమారు 3,000 కెల్విన్‌లకి దిగాక ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో జతకట్టి హైడ్రోజన్ అయ్యాయి, మంచు విడింది, వెలుగు స్వేచ్ఛగా బయల్దేరింది. పాత ఫిలమెంట్ బల్బు వెలుగు ఉంటుంది చూడండి, నారింజ కలిసిన పసుపు, దాదాపు ఆ రంగు. ఇవాళ మన దాకా వచ్చే ఆ వెలుగు బయల్దేరిన చోటు, తర్వాతెప్పుడో మన పాలపుంత కాబోయే జాగాకి ఆ రోజున కేవలం 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చీమ కథలో 3 సెంటీమీటర్లు అన్నది ఇదే.

4.2 కోట్ల కాంతి సంవత్సరాలే కదా, 4.2 కోట్ల ఏళ్ళలో వచ్చేయాలి. రాలేదు. అప్పుడు జాగా సాగుతున్న జోరు ఎంతటిదంటే, ఆరు లక్షల కాంతి సంవత్సరాలు దాటిన దూరంలో ఉన్న ఏ రెండు చోట్లయినా వెలుగు కంటే వేగంగా విడిపోతున్నాయి. మన వెలుగు బయల్దేరిన చోటు మన నుంచి కాంతివేగానికి అరవై అయిదు రెట్ల పైచిలుకు వేగంతో దూరమవుతోంది. వెలుగు మన వైపే నడుస్తోంది, కానీ నడిచిన దానికంటే ముందున్న దారి ఎక్కువ పెరుగుతోంది. ఎస్కలేటర్ మీద ఎదురెక్కే పిల్లవాడిలా అది ప్రతి అడుగుకీ మన నుంచి దూరంగానే కొట్టుకుపోయింది.

విశ్వానికి 47 కోట్ల ఏళ్ళు నిండేనాటికి, అంటే తొలి గెలాక్సీలు వెలుగుతున్న రోజులకి, ఆ వెలుగు మన నుంచి సుమారు 285 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 4.2 కోట్ల దూరం నుంచి మన వైపు దాదాపు 47 కోట్ల ఏళ్ళు నడిచి, 285 కోట్ల దూరానికి చేరుకుంది! అయితే ఈలోగా విశ్వంలోని పదార్థపు గురుత్వాకర్షణ సాగుడుకి కళ్ళెం వేస్తూ వచ్చింది. జోరు తగ్గుతున్న కొద్దీ వెలుగు కొట్టుకుపోవడం కూడా మందగించింది. విశ్వం వయసు 400 కోట్ల ఏళ్ళ ప్రాంతంలో ఒక క్షణాన లెక్క సరిపోయింది. మన నుంచి 580 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఆ వెలుగు నిలబడిపోయినట్టయింది: ఎంత నడుస్తోందో ముందు దారి అంతే పెరుగుతోంది. ఆ మరుక్షణం నుంచి దగ్గరవడం మొదలుపెట్టింది.

సూర్యుడు పుట్టేసరికి అది 380 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇంకో రెండు వందల కోట్ల ఏళ్ళ తర్వాత, హైదరాబాద్ చుట్టూ పరుచుకున్న గ్రానైట్, మౌలాలి గుట్ట రాయితో సహా, భూమి లోపల గడ్డకట్టేనాటికి అది 225 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి వచ్చింది. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి 250 కోట్ల ఏళ్ళు పట్టింది. చివరి మజిలీలో కూడా దారి కొంచెం సాగుతూనే ఉందని ఆ పాతిక కోట్ల తేడాయే చెబుతుంది. ఆఖరికి ఓ సాయంత్రం మేడ మీద యాంటెనా అడ్డు పడింది.

ప్రయాణం అయిపోయింది కాబట్టి ఇప్పుడు చీమలాగే వెనక్కి తిరిగి కొలవాలి. ప్రయాణాన్ని మూడు ముక్కలు చేసి చూస్తే సంగతి తేటగా కనబడుతుంది.

మొదటి ముక్క, విశ్వం వయసు 47 కోట్ల ఏళ్ళు అయ్యేదాకా. ఆ కాలంలో వెలుగు నడిచింది 47 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ తర్వాత జరిగిన సాగుడంతా పడ్డాక ఇవాళ ఆ దారి పొడవు దాదాపు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు. సగటున ముప్ఫై ఇంతలు! రెండో ముక్క, అక్కణ్ణుంచి విశ్వం వయసు 590 కోట్ల ఏళ్ళయ్యే దాకా: నడిచింది సుమారు 540 కోట్లు, ఇవాళ ఆ దారి సుమారు 2,000 కోట్లు. నాలుగింతలకి కాస్త తక్కువ. మూడో ముక్క, మిగిలిన 790 కోట్ల ఏళ్ళు: నడిచింది 790, ఇవాళ 1,100. ఒకటిన్నర ఇంతలు కూడా లేదు. నడిచిన దారి కూడితే దాదాపు 1,380 కోట్లు. సాగిన దారి కూడితే 4,500 కోట్లు.

ప్రయాణంలో ముప్ఫయ్యో వంతు కాలం మాత్రమే తీసుకున్న మొదటి ముక్క, ఇవాళ్టి దూరంలో మూడో వంతుకి దగ్గరగా ఆక్రమించేసింది. విశ్వం వెడల్పులో మనల్ని ఆశ్చర్యపరిచే భాగమంతా దాని బాల్యంలోనే ఉందన్నమాట.

ఈ 4,500కీ పైన చెప్పిన 4,600కీ మధ్య వంద కోట్ల వరకూ ఉన్న తేడా కూడా ఇలాంటిదే. మంచు విడకముందు గడిచిన 3.8 లక్షల ఏళ్ళలో వెలుగు నడవలేకపోయినా, దేనికీ తగలని గురుత్వ తరంగం లాంటిదేదైనా నడవగలిగి ఉండేది. ఆ బుల్లి కాలంలో వేసిన అడుగులు ఇవాళ్టికి 90 కోట్ల కాంతి సంవత్సరాలుగా సాగాయి. కనబడగల విశ్వానికి అసలు అంచు అదీ కలిపితే వస్తుంది.

ఇక్కడ లెక్చరర్లకి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "కాంతివేగాన్ని ఏదీ మించదని ఐన్‌స్టీన్ అన్నాడు కదా, మరి అరవై అయిదు రెట్లేమిటి?" ఆ నియమం ఒక చోట ఉన్న వస్తువు, అదే చోట పక్కనుంచి పోయే వెలుగుతో పందెం వేస్తే వర్తిస్తుంది. ఆ పందెంలో వెలుగు ఎప్పుడూ ఓడలేదు. చీమ కూడా ఎలాస్టిక్ మీద నిమిషానికి ఒక సెంటీమీటరుకి మించి నడవలేదు. రెండు దూరపు చోట్ల మధ్య జాగా పెరగడం ఎవరి పరుగూ కాదు. ప్రతి అంగుళంలోనూ ఇసుమంత చొప్పున పెరిగినదాన్ని వేల కోట్ల కాంతి సంవత్సరాల మేర కూడితే వచ్చే మొత్తం అది. ఇవాళ్టి జోరు చూస్తే, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ సెకనుకి సుమారు 68 కిలోమీటర్లు. ఈ రేటున 1,440 కోట్ల కాంతి సంవత్సరాలు దాటితే కూడిక కాంతివేగాన్ని మించుతుంది. యాంటెనాలోని వెలుగు పుట్టిన చోటు ఇప్పుడు మన నుంచి కాంతివేగానికి మూడు రెట్లతో దూరమవుతోంది.

మరి ఇన్ని వేల కోట్ల మేర జాగా సాగుతుంటే పద్మారావు నగర్ నుంచి చిలకలగూడకి దూరం పెరగాలి కదా? పెరగదు. ఆటోవాళ్ళు ఆశపడనక్కర్లేదు. రాయిని రాయిగా పట్టి ఉంచే బలాల ముందు, భూమిని సూర్యుడికి కట్టి ఉంచే గురుత్వం ముందు ఆ ఇసుమంత సాగుడు నిలవదు. పాలపుంత సాగడం లేదు. ఆండ్రోమెడా అయితే ఎదురు మన వైపే సెకనుకి 110 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. గురుత్వం కట్టిపడేసిన గుంపులకీ గుంపులకీ మధ్యనున్న ఖాళీల్లోనే సాగుడు గెలుస్తుంది.

ఇదంతా కాగితం మీద బాగుంది. నిజంగా జాగా సాగిందని ఎలా తెలుస్తుంది? వెలుగుకి ఇంకేదో కారణంతో రంగు మారి, దూరం సంగతి మనం కల్పించుకుని ఉండొచ్చు కదా? ఇది వెర్రి ప్రశ్న కాదు. వెలుగు దారిలో అలసిపోయి శక్తి కోల్పోతుందేమోనని 1929లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ ప్రతిపాదించాడు.

దారి సాగితే దాని మీదున్న అల కూడా సాగాలి. ఎలాస్టిక్ మీద పెన్నుతో గీసిన అలల గీత సాగినట్టు, వెలుగు తరంగం పొడవు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 3,000 కెల్విన్‌ల దగ్గర బయల్దేరిన నారింజ వెలుగు ఇవాళ మిల్లీమీటరు స్థాయి మైక్రోవేవ్ అయింది; దాని వేడి 2.725 కెల్విన్‌లు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 1,100. వెలుగు బయల్దేరాక విశ్వం అన్నింతలు సాగింది. 4.2 కోట్లని ఆ సంఖ్యతో గుణిస్తే 4,500 కోట్లు ఎందుకొస్తుందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాట నిజమైతే మధ్యకాలంలో వేడి మధ్యస్థంగా ఉండాలి. విశ్వం ఇప్పటికంటే 3.34 ఇంతలు చిన్నగా ఉన్నప్పుడు, పాత వెలుగు వేడి 2.725ని 3.34తో గుణించగా వచ్చే 9.1 కెల్విన్‌లు ఉండాలి. అప్పటి వేడిని ఇప్పుడు కొలవడం ఎలా? పుణేలోని ఐయూకా శాస్త్రవేత్త ఆర్. శ్రీఆనంద్, ఫ్రాన్స్ సహచరులు పెటిజాన్, లెడూలతో కలిసి 2000లో ఒక దారి చూపించారు. చిలీలో ఉన్న పెద్ద టెలిస్కోపుతో వాళ్ళు ఒక సుదూరపు క్వాసార్‌ని చూశారు. ఆ వెలుగుకి అడ్డంగా, సరిగ్గా ఆ కాలానికి చెందిన ఒక వాయు మేఘం ఉంది. అందులోని కార్బన్ పరమాణువులు చుట్టూ ఉన్న వేడిని బట్టి కింది మెట్టు నుంచి పై మెట్లకి ఎక్కుతాయి. ఎన్ని ఏ మెట్టు మీద ఉన్నాయో క్వాసార్ వెలుగులో పడ్డ నల్లగీతల లోతు చెప్పేస్తుంది. ఎప్పుడో గతించిన కాలంలో వేలాడదీసిన థర్మామీటరు లాంటిది. వాళ్ళకి వచ్చిన జవాబు 6కీ 14కీ మధ్య. అంటే ఇవాళ్టి 2.725 కచ్చితంగా కాదు, ఉండవలసిన 9.1 ఆ హద్దుల్లో హాయిగా ఇమిడింది. తర్వాత ఇంకొన్ని మేఘాల మీద హద్దులు బిగించినా లెక్క అలాగే నిలబడింది.

రెండో సాక్ష్యం ఇంకా సూటిది. వెలుగు కేవలం అలసిపోతే దాని రంగు మారుతుంది కానీ సంఘటనల నిడివి మారదు. దారే సాగితే వరసగా వచ్చే రెండు కిరణాల మధ్య ఎడం కూడా సాగుతుంది, కాబట్టి దూరపు సంఘటనలు మనకి నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపించాలి. ఒక రకం సూపర్‌నోవాలు దాదాపు ఒకే తీరున కొన్ని వారాల్లో వెలిగి ఆరిపోతాయి. విశ్వం ఇప్పటి సగం పరిమాణంలో ఉన్నప్పుడు పేలినవి మన గడియారం ప్రకారం సరిగ్గా రెట్టింపు కాలం తీసుకుంటున్నాయి. డార్క్ ఎనర్జీ సర్వే బృందం 2024లో సుమారు 1,500 సూపర్‌నోవాలతో ఇది సరిచూసి, నిష్పత్తి ఉండవలసినట్టే ఉందని చెప్పింది. జ్విక్కీ ఊహకి ఆ దారిలో చోటు మిగల్లేదు.

అంకెల్లో కొంత ఊగిసలాట ఉన్నమాట నిజమే. ఇవాళ్టి సాగుడు రేటు ప్లాంక్ ప్రకారం 67-68. దగ్గరి సూపర్‌నోవాలని మెట్లు మెట్లుగా కొలిచేవాళ్ళకి 73. ఈ తగాదా తీరలేదు. తీరాక వయసూ, వెడల్పూ కొద్దిపాటి శాతాలు అటూ ఇటూ జరగవచ్చు. అప్పుడు కూడా అంచు దాకా ఉన్న దూరం వయసుకి మూడింతల పైనే ఉంటుంది, ఎందుకంటే అది రేటు మీద కాక సాగుడు జరిగిన తీరు మీద ఆధారపడింది. విశ్వంలో మామూలు పదార్థం, అదీ నెమ్మదిగా కదిలేది మాత్రమే ఉండి ఉంటే ఆ నిష్పత్తి లెక్క ప్రకారం అచ్చంగా 3 వచ్చేది. గత కొన్ని వందల కోట్ల ఏళ్ళుగా కృష్ణశక్తి సాగుడుని మళ్ళీ పెంచుతోంది కాబట్టి అది 3.3 అయింది.

పత్రికల్లో ఈ విషయం తరచూ తలకిందులవుతుంది. 2024 మేలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు జేడ్స్-జీఎస్-జడ్14-0 అనే గెలాక్సీని పట్టుకుందని ప్రకటించారు. అందులో బయల్దేరిన తరంగం ఇక్కడికొచ్చేసరికి 15 ఇంతలకి పైగా సాగింది. అతినీలలోహితంలో పుట్టిన వెలుగు పరారుణంలో దొరికింది. "1,350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో గెలాక్సీ" అన్నట్టు వార్తలు వచ్చాయి. నిజానికి 1,350 కోట్లన్నది వెలుగు నడిచిన ఏళ్ళు. చీమ కథలో 6. ఆ గెలాక్సీ ఇప్పుడున్న దూరం దాదాపు 3,380 కోట్లు. అది చీమ కథలో 8. వెలుగు బయల్దేరిన నాడు అది మనకి సుమారు 220 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అది 3. వార్తలో పడ్డ అంకె వెలుగు బయల్దేరిన నాటి దూరమూ కాదు, ఇప్పటి దూరమూ కాదు.

తమాషా ఏమిటంటే, యాంటెనాలో ఆగిన పాత వెలుగు ఇంతకంటే దూరం నుంచి వచ్చినా, బయల్దేరినప్పుడు ఇంతకంటే ఎంతో దగ్గరగా, 4.2 కోట్ల దూరంలోనే ఉంది. ఒక హద్దు దాటాక, ఇప్పుడు ఎంత దూరాన ఉంటే అప్పుడు అంత దగ్గర. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది: ఆ హద్దు దాటాక, దూరపు గెలాక్సీలు ఆకాశంలో చిన్నగా కాక కొంచెం పెద్దగా కనిపించడం మొదలవుతుంది. వెలుగు నిలబడిపోయినట్టయిందని పైన చెప్పిన 580 కోట్ల మలుపే ఆ హద్దు.

మనకి కనబడగల విశ్వం 4,600 కోట్ల దగ్గర ఆగిపోయి కూర్చోదు. ఇంకా అవతలి నుంచి బయల్దేరిన పాత వెలుగు ఏటేటా అందుతూనే ఉంటుంది. కానీ సాగుడు మళ్ళీ జోరందుకుంది కాబట్టి ఇంకో రకం హద్దు కూడా ఉంది. ఇప్పుడు సుమారు 1,600 నుంచి 1,700 కోట్ల కాంతి సంవత్సరాలకి అవతల ఉన్న చోటు నుంచి ఈ రాత్రి బయల్దేరే వెలుగు, ఎంతకాలం ఆగినా ఇక్కడికి రాదు. ఎస్కలేటర్ మీది పిల్లవాడికి ఈసారి ఆ మలుపు దొరకదు. జేడ్స్ గెలాక్సీ ఆ హద్దుకి రెండింతల దూరంలో ఉంది. విశ్వానికి 30 కోట్ల ఏళ్ళ వయసున్నప్పటి దాని పసితనం ఇప్పుడు మనకి కనిపిస్తోంది. ఇకముందు ఎన్ని వేల కోట్ల ఏళ్ళు కాచుకున్నా, విశ్వానికి 300 కోట్ల ఏళ్ళు దాటిన కొద్దికాలం దాకా దానికి జరిగినవి మాత్రమే, రానురాను నెమ్మదిస్తూ, ఎర్రబారుతూ, మసకబారుతూ ఇటు చేరతాయి. ఆ తర్వాత అక్కడ పుట్టిన నక్షత్రాల వెలుగు ఇప్పటికే దారిలో ఉంది. పద్మారావు నగర్ వైపే నడుస్తోంది, అడుగడుక్కీ దూరమవుతోంది.